రెండుసార్లు వాడిన పన్నెండు వారాల ప్రణాళిక: ఏది పనికొచ్చింది, ఏది మార్చాల్సి వచ్చింది

నేను వాడిన చదువు ప్రణాళిక నాలుగు పేజీల జిరాక్స్. హాస్టల్లో ఒక సీనియర్ అక్క చేతిరాతతో తయారు చేసుకున్నది నాదాకా వచ్చింది. పన్నెండు వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు గంటలు, ఆదివారం పరీక్ష. నల్లగొండలో ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతూ, పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ ప్రవేశ పరీక్ష కోసం మొదటిసారి దీన్ని అక్షరం మార్చకుండా పాటించాను. సీటు రాలేదు. మరుసటి ఏడాది వారాల క్రమాన్ని కత్తిరించి అతికించి మళ్లీ వాడాను. సీటు వచ్చింది. ఇప్పుడు అదే కాగితం మా చెల్లెలి దగ్గర ఉంది. రెండు విడతలూ కలిపితే 24 వారాలు దీనితో గడిపాను కాబట్టి నాలుగు మాటలు రాయగలననిపించింది.

కాగితం మీద ప్రణాళిక చాలా అందంగా ఉంటుంది. మొదటి ఐదు వారాలు బయోస్టాటిస్టిక్స్, తర్వాత ఐదు వారాలు ఎపిడెమియాలజీ, చివరి రెండు వారాలు పునశ్చరణ. రెండింటికీ సమాన న్యాయం జరిగినట్టే. లెక్కలంటే భయం ఉన్నవాళ్లకు ముందే ఆ గండం గడిచిపోతుందన్న ధీమా కూడా ఉంటుంది. ఐదో వారం ఆదివారం బయోస్టాటిస్టిక్స్ పరీక్షలో నాకు 30కి 23 వచ్చాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి గదికి నడిచి వస్తూ ఇక ఎపిడెమియాలజీ ఎంతలే అనుకున్నాను. పదకొండో వారంలో అదే స్థాయి ప్రశ్నలు మళ్లీ రాస్తే 14 వచ్చాయి.

మరిచిపోయానని సరిపెట్టుకోవచ్చు. కానీ తప్పులు వరసగా రాసుకుని చూస్తే సూత్రాలు ఒక్కటీ మరిచిపోలేదు. కై స్క్వేర్ సూత్రం నిద్రలో అడిగినా చెప్పగలను. ఏ పట్టికకు ఏది వాడాలో మాత్రం తెలియలేదు. ఆ ఎంపికకు ఆధారం ఎపిడెమియాలజీలో ఉంది: పరిశోధకుడు మనుషులను ఎలా ఎంచుకున్నాడన్నదే అసలు ప్రశ్న. బయోస్టాటిస్టిక్స్ చదివినప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. అది తెలిసేసరికి లెక్కలు చేతిలోంచి జారిపోయాయి. ప్రణాళికలో లోపం సమయం పంచిన తీరులో లేదు, జంటగా చదవాల్సిన వాటి మధ్య ఐదు వారాల దూరం పెట్టడంలో ఉంది.

నన్ను ముంచిన ప్రశ్న ఒకటి చెబుతాను. అంకెలు అభ్యాసం కోసం కల్పించినవే. ఒక జబ్బు ఉన్నవాళ్లు 100 మంది, లేనివాళ్లు 100 మంది. జబ్బున్న 100 మందిలో 60 మందికి పొగ తాగే అలవాటుంది, లేనివాళ్లలో 40 మందికి ఉంది. నేను చకచకా లెక్క కట్టాను: పొగ తాగేవాళ్లు మొత్తం 100, అందులో జబ్బు 60 మందికి. తాగనివాళ్లు 100, అందులో జబ్బు 40 మందికి. అరవైని నలభైతో భాగిస్తే రిలేటివ్ రిస్క్ 1.5. ఇచ్చిన నాలుగు జవాబుల్లో 1.5 కూడా ఉంది. ప్రశ్న తయారుచేసినవాళ్లకు మన తొందర బాగా తెలుసు.

ఇది కేస్ కంట్రోల్ అధ్యయనం: జబ్బున్న కేసులను, జబ్బు లేని కంట్రోళ్లను విడివిడిగా ఎంచుకుని పోల్చేది. రావాల్సింది ఆడ్స్ రేషియో: 60ని 60తో గుణించి, 40ని 40తో గుణించిన దానితో భాగిస్తే 2.25. కేస్ కంట్రోల్‌లో రిలేటివ్ రిస్క్ కట్టకూడదని గైడ్లన్నీ ఒక వాక్యంలో తేల్చేస్తాయి. ఎందుకు కట్టకూడదో నాకు తెలిసింది మాత్రం రెండో విడత ఐదో వారంలో, ఒక రాత్రి అదే పట్టికను కొంచెం కదిలించి చూసినప్పుడు.

జబ్బు లేనివాళ్లను 100 మందికి బదులు 200 మందిని తీసుకున్నాననుకున్నాను. అలవాటు శాతం అదే కాబట్టి 80 మందికి ఉంటుంది, 120 మందికి ఉండదు. ఇప్పుడు నా తప్పు పద్ధతిలో కడితే పొగ తాగేవాళ్లు 140, అందులో జబ్బున్నవాళ్లు 60. తాగనివాళ్లు 160, అందులో జబ్బున్నవాళ్లు 40. నిష్పత్తి దాదాపు 1.71. అంటే నేను ఇంకో వంద మందిని పిలిచి కూర్చోబెట్టినంత మాత్రాన పొగాకు ప్రమాదం 1.5 నుంచి 1.71కి పెరిగిందన్నమాట! ఆడ్స్ రేషియో కట్టి చూస్తే 60ని 120తో గుణించి, 40ని 80తో గుణించిన దానితో భాగించాలి. మళ్లీ 2.25 వచ్చింది. కదల్లేదు. ఎంతమందిని పిలవాలో పరిశోధకుడి ఇష్టం, ఆ ఇష్టం జవాబును మార్చకూడదు. ఈ సంగతి ఒక్కసారి చేత్తో చేసి చూశాక ఆ తప్పు మళ్లీ చేయలేదు.

అదే రాత్రి, అదే పట్టిక మీద కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కట్టాను. నాలుగు గడుల్లోని అంకెలను తలకిందులు చేసి కూడితే, వందేసి మంది ఉన్నప్పుడు 12వ వంతు వస్తుంది. దాని వర్గమూలం సుమారు 0.29. లాగరిథమ్‌లో లెక్క కట్టి వెనక్కి తెస్తే ఇంటర్వెల్ 1.28 నుంచి 3.96 వరకు. కంట్రోళ్లు 200 అయితే మొత్తం సరిగ్గా 16వ వంతు, వర్గమూలం 0.25, ఇంటర్వెల్ 1.38 నుంచి 3.67. జవాబు అదే, దాని మీద మన నమ్మకం కొంచెం బిగిసింది. కంట్రోళ్లను 400 చేస్తే వర్గమూలం దాదాపు 0.23కి దిగుతుంది. వెయ్యి మందిని తెచ్చినా 0.21 దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే జబ్బున్నవాళ్ల గడులు 60, 40 అలాగే ఉండిపోయాయి, ఆ రెండింటి వాటా ఎవరూ తగ్గించలేరు. ఒక కేసుకు నాలుగు కంట్రోళ్లకు మించి తీసుకుంటే పెద్దగా లాభం లేదనే మాటకు మూలం ఇదే. ఆ మాటను మొదటి విడతలో పదో వారంలో, ఎపిడెమియాలజీ నోట్సులో, కారణం తెలియకుండా బట్టీ పట్టాను.

అందుకని రెండో విడతలో ఒకే నియమం పెట్టుకున్నాను: ఆ వారం నేర్చుకునే లెక్కకు ఆ వారంలోనే ఎపిడెమియాలజీ ప్రశ్న ఉండాలి. ఉదయం గంటన్నర లెక్క, సాయంత్రం గంటన్నర ఆ లెక్క అవసరమయ్యే అధ్యయనం. మొదటి రెండు వారాలు రేట్లు, నిష్పత్తులు, సగటు, ప్రామాణిక విచలనం. మూడు, నాలుగు వారాలు ప్రాబబిలిటీతో పాటు స్క్రీనింగ్ పరీక్షలు. ఐదు నుంచి ఏడు వారాలు అధ్యయన రకాలతో పాటు ఆడ్స్ రేషియో, రిలేటివ్ రిస్క్, కై స్క్వేర్, ఇంటర్వెల్. ఎనిమిది, తొమ్మిది వారాలు కన్ఫౌండింగ్, అంటే మూడో కారణం ఏదో మధ్యలో దూరి సంబంధాన్ని తప్పుగా చూపించడం, దాన్ని తొలగించే పద్ధతులు. పదో వారం శాంపిల్ సైజు. మిగిలిన రెండూ పాత ప్రశ్నలు.

స్క్రీనింగ్ వారాలే నాకు అన్నిటికన్నా తేలిగ్గా గడిచాయి. జబ్బున్నవాళ్లను పట్టుకునే సెన్సిటివిటీ 90 శాతం, జబ్బు లేనివాళ్లను లేదని తేల్చే స్పెసిఫిసిటీ 80 శాతం ఉన్న పరీక్షను వెయ్యి మందిపై ఊహించుకుని, ఒక ఊళ్లో 400 మందికి జబ్బుందని, ఇంకో ఊళ్లో 50 మందికే ఉందని పట్టిక గీస్తే చాలు. మొదటి ఊళ్లో పాజిటివ్ వచ్చిన 480 మందిలో 360 మందికి నిజంగా జబ్బు ఉంటుంది. రెండో ఊళ్లో పాజిటివ్ వచ్చిన 235 మందిలో 45 మందికే. పరీక్ష ఒకటే, ఊరు మారింది. శాతాలతో కుస్తీ పట్టకుండా మనుషుల లెక్కలో రాసుకుంటే బేయీస్ సిద్ధాంతం పేరు తలచుకోకుండానే పని జరిగిపోతుంది.

ఇన్సిడెన్స్, ప్రివలెన్స్ తేడాకు నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. మాది మర్రిగూడ వైపు. నాయనమ్మ మోకాళ్లు వంగి, కర్ర లేకుండా గడప దాటలేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అందరికీ తెలిసిన కథే. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి. ఎముకల ఫ్లోరోసిస్ ఒకసారి ముదిరితే తిరిగి సర్దుకోదు కాబట్టి, మంచి నీళ్లు రావడంతో కొత్త కేసులు తగ్గినా ఉన్నవాళ్లు ఉంటారు. కొత్త కేసుల లెక్క ఇన్సిడెన్స్, ఉన్నవాళ్ల లెక్క ప్రివలెన్స్. ఊళ్లో ఒకరోజు సర్వే చేసి, ప్రివలెన్స్ తగ్గలేదు కాబట్టి నీళ్ల పథకం పనిచేయలేదని రాస్తే తప్పు. పళ్ల మీద మచ్చల సంగతి చూస్తే ఇంకా స్పష్టం. అవి చిన్నతనంలో ఎనామెల్ ఏర్పడేటప్పుడు పడేవి. ఒకే ఊళ్లో పెద్దవాళ్లకు మచ్చలుండి పిల్లలకు లేకపోతే, వయసు పెరిగితే మచ్చలు వస్తాయని కాదు, వాళ్లు వేర్వేరు నీళ్లు తాగి పెరిగారని. సరిగ్గా ఈ తరహా ప్రశ్న మాకు పరీక్షలో వచ్చింది, జబ్బు పేరు మాత్రం వేరు.

ప్రణాళికలో నేను ముట్టుకోని భాగం ఒకటుంది: ఆదివారం తప్పుల పుస్తకం. ప్రతి తప్పు పక్కన అక్క మూడు అక్షరాల్లో ఒకటి రాయమంది. లెక్కలో తప్పితే ‘లె’, ప్రశ్న సరిగా చదవకపోతే ‘చ’, ఏ పద్ధతో తెలియకపోతే ‘ప’. మొదటి విడతలోనూ ఈ పుస్తకం రాశాను, కానీ అక్షరాలు లెక్కపెట్టలేదు. తర్వాత తీసి చూస్తే పదకొండో వారం పేజీ నిండా ‘ప’లే. చూసి ఉంటే జబ్బేమిటో అప్పుడే తెలిసేది.

ఇక లోపాలు. శాంపిల్ సైజుకు ఒక వారం మొత్తం దండగ, రెండు రోజులు చాలు. ఆ మిగిలిన రోజులు కన్ఫౌండింగ్‌కు ఇవ్వాలి, అక్కడ తొమ్మిదో వారం చివర కూడా నాకు తడబాటు పోలేదు. మా పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదన్న సంగతి ప్రణాళికలో ఎక్కడా లేదు. నేను పదో వారం దాకా ఫోనులోనే లెక్కలు చేసి, తర్వాత వర్గమూలాల దగ్గర నానా తిప్పలు పడ్డాను. మొదటి రోజు నుంచే చేత్తో చేయాలి. ఇంకోటి, జాతీయ ఆరోగ్య కార్యక్రమాలు, పోషణ, పర్యావరణ ఆరోగ్యం వంటివాటికి ఇందులో చోటే లేదు. నేను రోజూ రాత్రి అరగంట విడిగా చదివాను, అది మూడు గంటలకు అదనం. డిగ్రీలో గణితం అసలు లేనివాళ్లకు మొదటి రెండు వారాలు నాలుగవుతాయి. అప్పుడు పన్నెండు వారాల పేరు పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు.

మా చెల్లెలు ఇప్పుడు మూడో వారంలో ఉంది. నేను అతికించిన పేజీ మీద శాంపిల్ సైజు వారాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసింది. మూడో వారం పక్కన ఒక చిన్న గీత గీసి, ‘వెయ్యి మందితో మొదలుపెట్టు’ అని రాసుకుంది. తప్పుల పుస్తకంలో తనకు ఎక్కువగా వస్తున్నది ‘చ’ట. ప్రశ్న చదవకుండా జవాబు పెట్టే అలవాటు దానికి చిన్నప్పటి నుంచీ ఉంది.