రోడ్డు పక్కన పుస్తకాల డబ్బానా, జెరాక్స్ షాపులో బీరువానా: ఏది మేలు?

మా ఊరు అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో, కాలవ పక్కన. 2023 జూన్‌లో మేం నలుగురం కలిసి బస్సు ఆగే చోట ఒక డబ్బా నిలబెట్టాం. కావాల్సిన పుస్తకం ఎవరైనా పట్టుకెళ్ళొచ్చు, చదివాక తెచ్చి పెట్టెయ్యొచ్చు, పేరు రాయక్కర్లేదు. ఏడాది తిరిగాక జెరాక్స్ షాపులో ఒక ఇనుప బీరువా కూడా పెట్టాం, దానికి మాత్రం రిజిస్టరు, డిపాజిట్ ఉన్నాయి. ఇప్పుడు పక్క ఊళ్ళవాళ్ళు "ఏది పెట్టమంటారండీ?" అని అడిగితే నేను ఎదురడిగేది ఒక్కటే: మీరు పెట్టబోయే పుస్తకం వెనక్కి రావాలా, రాకపోయినా ఫర్వాలేదా?

ఇది మాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మొదటి ఏడాది తెలివితక్కువగా ఇంటర్ ఎంపీసీ సెట్లు నాలుగు తీసుకెళ్ళి డబ్బాలోనే పెట్టాం. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. సరే, పిల్లలే పట్టుకెళ్ళుంటారులే అని సంబరపడ్డాం కూడా. తర్వాత చూస్తే రెండు సెట్లు పాత పేపర్ల కొట్టులో కనబడ్డాయి. లావు పుస్తకం కదా, కిలో లెక్కన బాగానే గిట్టుబాటు. అదే డబ్బాలో పెట్టిన పాత వారపత్రికలు, పిల్లల బొమ్మల కథలు సగం పోయినా ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే పోయినవాటి చోట ఇంకేవో వచ్చి చేరుతూనే ఉన్నాయి.

డబ్బాతో అసలు గొడవ దొంగలతో కాదు, వానతో. మా మొదటి డబ్బా ప్లైవుడ్‌తో చేయించాం. ఒక్క వానాకాలానికే చెక్క ఉబ్బిపోయి తలుపు పడటం మానేసింది, లోపల అట్టల మీద బూజు. రెండోది వెల్డింగ్ షాపులో జీఐ రేకుతో చేయించాం. లోపల రెండడుగుల వెడల్పు, అడుగు లోతు, రెండు అరలు. పైకప్పు ముందుకి నాలుగంగుళాలు చూరులాగా పొడుచుకొచ్చి ఏటవాలుగా ఉంటుంది, అడుగున నీళ్ళు పోవడానికి చిల్లులు, చూరు కింద గాలి ఆడటానికి దోమల మెష్ కొట్టిన కంతలు. రేకుకి వానతో ఇబ్బంది లేదు కానీ మే నెల ఎండకి లోపల పొయ్యిలా కాలుతుంది, జిగురుతో అతికించిన నవలల వీపు మెత్తబడి పేజీలు ఊడి చేతికొస్తాయి. అందుకని కప్పు మీద రెండంగుళాల ఎత్తున ఇంకో రేకు వేయించాం, మధ్యలో గాలి పోతుంటే లోపల కొంత నయం. అన్నీ కలిపి నాలుగున్నర వేలయింది.

తలుపు ఏ దిక్కుకి పెట్టాలని మేం చాలానే వాదించుకున్నాం. నైరుతి వాన పడమటి వైపు నుంచి కొడుతుంది, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వచ్చిందంటే తూర్పు నుంచో ఈశాన్యం నుంచో కొడుతుంది, అంటే ఏ దిక్కుకి తిప్పినా ఏదో ఒక కాలంలో తడుస్తుంది. ఏదైనా బిల్డింగు చూరు కింద పెట్టడమొక్కటే దారి. చెట్టు కింద పెడితే నీడ ఉంటుందిగా అనుకుంటారు, పిట్టల రెట్టలూ చీమలూ కూడా ఉంటాయి. ఇంకో సంగతి, కాలవ గట్టు ఇరిగేషన్ వాళ్ళది, రోడ్డు మార్జిన్ ఆర్ అండ్ బీ వాళ్ళది, రోడ్డు వెడల్పు చేసిన రోజున ముందు లేచేది మన డబ్బానే. ఎవరిదైనా సొంత అరుగు గానీ, అడిగి ఒప్పించుకున్న పంచాయతీ గోడ గానీ మేలు.

ఒక్కో అరలో ముప్పై పుస్తకాల దాకా పడతాయి, మేం ఇరవై దాటనివ్వం. బిగించి కూరితే గాలి ఆడదు, పైగా కొత్తగా తెచ్చినవాళ్ళకి చోటు దొరక్క డబ్బా మీద పెట్టేసి పోతారు, తెల్లారేసరికి అవి ముద్ద. ప్రతి ఆదివారం ఒకరు వెళ్ళి మొత్తం తీసి దులుపుతాం. డబ్బాని నిలబెట్టిన ఇనుప స్తంభం మీద సన్నటి మట్టి గీత పైకి పాకుతూ కనబడిందంటే చెదలు బయల్దేరినట్టే, ఆ రోజే గీకేసి స్తంభం మొదట్లో మందు పోయించాలి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పడేస్తే అట్ట వంకర్లు పోతుంది. నీడలో ఫ్యాను కింద నిలబెట్టి, పేజీల మధ్య న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి, అవి తడవగానే మార్చుకుంటూ పోవాలి. రెండు రోజులు ఆలస్యం చేస్తే బూజు పట్టేస్తుంది. బూజు పట్టినదాన్ని మొహమాటపడకుండా తీసెయ్యాలి, లేకపోతే పక్కనున్నవాటికీ అంటుకుంటుంది.

బీరువాకి ఈ బాధలు తక్కువ. గోడకి నాలుగంగుళాలు ఎడంగా, కాళ్ళ కింద ఇటుకలు పెట్టి నిలబెట్టాం, అంతే. దాని బాధంతా మనుషులతో. షాపు ఎంచుకునేటప్పుడు రెండు చూశాం. ఆడపిల్లలు మొహమాటం లేకుండా వచ్చి నిలబడే చోటవ్వాలి, అందుకే టీ కొట్టు వద్దనుకున్నాం. గైడ్లు అమ్మే కొట్టూ కాకూడదు, తన బేరం చెడగొట్టే బీరువాని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు ఊడ్చి కాపాడతారు? జెరాక్స్ షాపాయనకి ఆ చిక్కు లేదు, వచ్చిన పిల్లలు ఎలాగూ నాలుగు కాగితాలు తీయించుకుంటారు.

ఇచ్చే పద్ధతి ఇది. జూన్‌లో సెట్టుకి 200 రూపాయలు డిపాజిట్, రిజిస్టర్లో పేరు, ఫోన్ నంబరు, సెట్ నంబరు. లోపల పెన్సిల్‌తోనే గీసుకోవాలి. మొదటి పేజీ మీదా యాభయ్యో పేజీ మీదా స్టాంపు వేస్తాం, ఎందుకంటే మొదటి పేజీ చించడం తేలిక, యాభయ్యోది ఎవరికీ గుర్తుండదు. పాత పేపర్ల కొట్టతనికి ఆ స్టాంపు చూపించి పెట్టాం, కనబడితే పక్కన పెడతాడు. పబ్లిక్ పరీక్షలు అయిన వారంలోపే ఇంటింటికీ తిరగాలి, ఏప్రిల్లో కాలవలు కట్టేసే నాటికి చాలా ఇళ్ళల్లో అటకలు దులిపి అమ్మేసి ఉంటారు. 2024లో 14 సెట్లిస్తే 12 తిరిగొచ్చాయి.

వచ్చాయని మురిసిపోయామో లేదో, 2025-26లో ఇంటర్ ఫస్టియర్‌కి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ పెట్టారు. ఆ పన్నెండులో ఏడు ఫస్టియర్‌వి, ఒక్క దెబ్బకి తూకానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి. సెకండియర్‌వి ఇంకో ఏడాది నడిచాయి. అందుకే పాఠ్యపుస్తకాలకి డబ్బు పెట్టి కొనకండి, అడిగి తెచ్చుకోండి. చేతిలో డబ్బుంటే డిక్షనరీ, వ్యాకరణం, మ్యాథ్స్ ప్రాక్టీసు పుస్తకాల్లాంటివి కొనండి, సిలబస్ మారినా అవి నిలబడతాయి.

ఒక్కటే నడిపే ఓపిక ఉంది, ఊళ్ళో ఇంటర్ చదివే పిల్లలు ఇరవై మందైనా ఉన్నారంటే నేనైతే బీరువానే పెట్టమంటాను. డబ్బాకి వారం వారం మనిషి కావాలి, బీరువాకి జూన్‌లో పది రోజులు, ఏప్రిల్‌లో పది రోజులు గట్టిగా తిరిగితే చాలు. చిన్న పిల్లలే ఎక్కువ, ఇంటర్‌కి అందరూ హాస్టళ్ళకి పోతున్నారు అంటే మాత్రం బీరువా దండగ, డబ్బా పెట్టండి.

డబ్బా పెడితే బస్ స్టాపులో మాత్రం వద్దు. మేం చేసిన తప్పు అదే. బస్సు కోసం చూసేవాడి కళ్ళు రోడ్డు మీదుంటాయి, పుస్తకం మీద ఉండవు. 1935లో కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు, జనం కూర్చుని కాలక్షేపం చేసే చోటికే పుస్తకం వెళ్ళిందన్నమాట. మా ఊళ్ళో అలాంటి చోటు పాల కేంద్రం. పొద్దునా సాయంత్రం క్యాన్లు పట్టుకొచ్చి పావుగంట వంతు కోసం కూర్చుంటారు, పైన చూరుంది, తలుపు తీసి మూసే మనిషీ ఉన్నాడు. వచ్చే వానలు మొదలవకముందే డబ్బాని ఆ అరుగు మీదికి మార్చేస్తున్నాం.