వెయ్యి లీటర్ల ట్యాంకని కొంటే 760 లీటర్లే పట్టింది: బెంగళూరులో మేడ మీద ట్యాంకు కొనేవాళ్లు జాగ్రత్త

కె.ఆర్.పురం వైపు ఒక హార్డ్‌వేర్ షాపులో మా ఇంటికి నల్ల ప్లాస్టిక్ ట్యాంకు తీసుకున్నాం. దాని మీద స్టిక్కరు "1000 లీటర్లు" అంటోంది. కావేరీ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధి మాది, కాబట్టి ట్యాంకు నిండితే ఎన్నాళ్లు వస్తుందో మాకు బాగా తెలుసు. ఇది మాత్రం ప్రతిసారీ ముందే ఖాళీ అయిపోతోంది. లీకేజీ ఎక్కడా లేదు.

షాపుకెళ్లి అడిగితే ఆయన (మనవాడే, మదనపల్లె వైపు) ఏమాత్రం తడుముకోకుండా కాలిక్యులేటర్ తీశాడు. "అడ్డం 100 సెంటీమీటర్లు, ఎత్తు 128. లెక్క చూసుకోండి సార్" అన్నాడు. సూత్రం సరైనదే వాడాడు:

0.7854 × వ్యాసం × వ్యాసం × ఎత్తు ÷ 1000 = లీటర్లు

కొలతలు సెంటీమీటర్లలో వేస్తే 1005 లీటర్లు వస్తుంది. కిటుకంతా ఆ రెండు అంకెల్లో ఉంది. 100 అనేది బయటి కట్ల మీద కొలిచిన వ్యాసం. 128 అనేది నేల నుంచి మూత పైదాకా ఉన్న ఎత్తు. నీళ్లు ఉండేది లోపల, అదీ ఓవర్‌ఫ్లో పైపు దాకానే.

ముందు వ్యాసం సంగతి. మూత తీసి లోపల టేపు అడ్డంగా పట్టడం కుదరదు, మూతి చిన్నది. అందుకని ట్యాంకు చుట్టూ టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతను 3.1416తో భాగించాలి. మా ట్యాంకుకు కట్ల మీద చుడితే 314 సెంటీమీటర్లు, అంటే వ్యాసం 100. కట్ల మధ్య పల్లంలో చుడితే 307, అంటే 97.7. గోడ మందం 4 మిల్లీమీటర్లుంది, రెండు వైపులా తీసేస్తే సుమారు 97. మూడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ వ్యాసాన్ని రెండుసార్లు గుణిస్తాం కాబట్టి ఆ మూడూ దాదాపు ఆరు శాతం నీళ్లు తినేస్తాయి.

ఇక ఎత్తు. నిటారు గోడ 108 సెంటీమీటర్ల దగ్గర అయిపోతుంది, ఆపైన మూత వైపు ముడుచుకుపోయే భాగం. మా ఓవర్‌ఫ్లో రంధ్రం 102 దగ్గరుంది. ఆ లెక్కన 0.7854 × 97 × 97 × 102 ÷ 1000, అంటే 754 లీటర్లు. పోనీ ఓవర్‌ఫ్లో మూసేసి మూత దాకా నింపినా 900 దాటదు. కుళాయిలకు వెళ్లే పైపు అడుగు నుంచి 7 సెంటీమీటర్ల పైన ఉంది, దాని కింద నీళ్లు దిగవు. కాబట్టి వాడుకోవడానికి వచ్చేది 95 సెంటీమీటర్ల నీళ్లే, సుమారు 700 లీటర్లు.

కట్ల లోపలి ఉబ్బులో కొంచెం నీళ్లు ఉంటాయి కదా అని షాపాయన వాదించాడు. అదీ నిజమే. అందుకే డబ్బాలతో పోసి చూశాం. అడుగు చదునుగా ఉండదు కాబట్టి ముందు కొన్ని నీళ్లు పోసి, పొడి కర్ర ముంచి గుర్తు పెట్టుకున్నాం. తర్వాత 20 లీటర్ల క్యాన్లు పది పోశాం. మట్టం 26.8 సెంటీమీటర్లు పెరిగింది. 200ను 26.8తో భాగిస్తే సెంటీమీటరుకు 7.46 లీటర్లు. ఓవర్‌ఫ్లో దాకా 102 సెంటీమీటర్లకు 761 లీటర్లు. ఉబ్బులన్నీ కలిపినా పెరిగింది ఏడు లీటర్లే!

ఆయన ఇచ్చిన జవాబు: "రంధ్రాలు కొట్టేశారు, వాపసు తీసుకోం." అన్ని షాపుల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది. అందుకే ప్లంబర్ డ్రిల్లు పెట్టకముందే, వీలైతే షాపులోనే, పల్లంలో చుట్టుకొలతా నిటారు గోడ ఎత్తూ కొలవండి. లోపలి వ్యాసం 97 ఉన్న ట్యాంకు ఓవర్‌ఫ్లో దాకా వెయ్యి పట్టాలంటే నీటి ఎత్తు 135 సెంటీమీటర్లు కావాలి. గోడే అంత లేకపోతే స్టిక్కరు మీద ఏం రాసినా నమ్మక్కర్లేదు. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన IS 12701 అనే నంబరు ఉన్నాయో లేదో చూడండి. మా ట్యాంకు మీద రెండూ లేవు.

బిల్లులో "ట్యాంకు – 1" అని మాత్రమే రాసిస్తారు, లీటర్లు రాయమని పట్టుబట్టండి. మా బిల్లులో "1000 లీటర్లు" అని ఉండబట్టే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇవ్వగలిగాం. ఇంకా ఏమీ తేలలేదు. అంతవరకూ ఓవర్‌ఫ్లోను ఆరు సెంటీమీటర్లు పైకి, గోడ అంచు దాకా మార్పిస్తున్నాం. దానితో మరో 45 లీటర్లు వస్తాయి, ఫ్లోట్ వాల్వును కూడా ఆ మేరకు పైకి జరిపితేనే.