మతాధ్యయన ఇంటర్వ్యూల కోడింగులో ఎన్‌వివో: దీర్ఘకాల వినియోగం తర్వాత

మత విశ్వాసాన్ని గురించిన ఇంటర్వ్యూలను విశ్లేషించడానికి కొన్నేళ్లుగా ఎన్‌వివో అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాను. కోడ్ చేసిన, అంటే ఒక్కో అంశం పేరు కింద గుర్తించిన, మాటలను మూలపాఠం నుంచి తెగిపోకుండా ఎన్నిసార్లయినా తిరిగి పేర్చుకునే వీలు కల్పించడమే దీని అసలు బలం.

మొదటి పఠనంలో నేను కోడ్ చేయను. ఆడియో వింటూ చదివి, మాట తడబడిన చోట్లను అనొటేషన్లుగా, కలిగిన సందేహాలను మెమోగా రాసుకుంటాను. రెండో పఠనంలో మొదలయ్యే కోడింగులో ‘ప్రార్థన’ వంటి కోడ్ చూస్తుండగానే ఉబ్బిపోతుంది. అది విషయం పేరే తప్ప థీమ్ కాదు. ఆ కోడ్‌ను తెరిస్తే అందరి మాటలూ ఒకేచోట కనిపిస్తాయి. వాటిని అక్కడే మళ్లీ చదువుతూ కోరిక, కృతజ్ఞత, అలవాటు, ఇతరుల కోసం వేడుకోలు అనే ఉపకోడ్‌లుగా విడదీశాను. ఈ దశలో జవాబుతో పాటు ప్రశ్నను కూడా కోడ్‌లో ఉంచడం అవసరం. “మీరు ప్రార్థిస్తారా?” అన్న ప్రశ్నకు వచ్చిన “చేస్తాను” అనే జవాబులో ప్రార్థన అన్న మాట అడిగినవారిదే కదా.

తర్వాత ప్రతి వ్యక్తినీ ఒక కేస్‌గా చేసి, ఆరాధనకు క్రమంగా వెళ్లేవారా, మానేసినవారా అన్నది లక్షణంగా చేర్చి, ఉపకోడ్‌లను అడ్డువరుసల్లోనూ ఆ లక్షణాన్ని నిలువువరుసల్లోనూ పెట్టి ఆ రెండింటినీ పట్టికగా పోల్చే Matrix Coding Query నడిపాను. మానేసినవారి గడుల్లో అంకెలు చిన్నవే, కానీ గడిని తెరిచి చదివితే, వినేవారెవరూ లేరని స్పష్టంగా చెప్పినవారే జబ్బుపడిన తల్లి కోసమో, ప్రయాణంలో ఉన్న బిడ్డ కోసమో ప్రార్థించామన్నారు. అప్పుడు థీమ్‌ను ఒక పూర్తి వాక్యంగా రాయగలిగాను: నమ్మకం సడలినా ఇతరుల పట్ల బాధ్యతగా ప్రార్థన మిగిలి ఉంటుంది. దీనికి ఎదురు నిలిచే మాటల కోసం మళ్లీ వెతికితే, తమ భయం తగ్గడానికే ప్రార్థించామన్నవారు దొరికారు. అందువల్ల ‘బాధ్యతగా’ అన్నచోట ‘బాధ్యతగానో ఊరటగానో’ అని సవరించి, ఆ మార్పుకు కారణాన్ని మెమోలో నమోదు చేశాను.

అంకెల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఒకే వ్యక్తి ఒకే మాటను పదేపదే చెప్పినా రెఫరెన్సుల, అంటే కోడ్ చేసిన భాగాల, సంఖ్య పెరుగుతుంది కాబట్టి, పక్కనే ఉండే ఫైళ్ల సంఖ్యను కూడా చూడాలి. తెలుగు ట్రాన్‌స్క్రిప్టుల్లో పదాల లెక్క మరింత బలహీనం, ఎందుకంటే ‘ప్రార్థనకు’, ‘ప్రార్థనలో’ అన్నవి వేర్వేరు పదాలుగా లెక్కకు వస్తాయి. ఇంటర్వ్యూలు నాలుగైదే ఉంటే కాగితం, రంగు పెన్సిళ్లు చాలు. కోడ్‌లను పలుమార్లు విడదీసి, కలిపి, వ్యక్తుల నేపథ్యంతో పోల్చవలసిన అధ్యయనానికి మాత్రం దీన్నే ఎంచుకుంటాను.