లీగ్ పట్టికలో ర్యాంకు: ఒకే తూకపు అంకె మేలా, మెట్టుమెట్టుగా పోల్చడం మేలా?

ఒక గ్రూపులో నాలుగు జట్లు, ఆరు మ్యాచ్‌లు. పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్, రాయగడ. ఒక్కో జట్టు మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడుతుంది. గెలిస్తే 3, డ్రా అయితే 1, ఓడితే 0. పై రెండు జట్లు సెమీస్‌కి వెళ్తాయి. స్కూలు ఫుట్‌బాల్ టోర్నీకి ఇంతకంటే మామూలు లెక్క ఉండదు. అయినా చివరి రోజు సాయంత్రం పట్టిక చుట్టూ పిల్లలు, పీఈటీలు గుమిగూడి వాదులాడుకునేది ఇక్కడే. పాయింట్లు సమానమయ్యాక ఎవరు ముందు?

ఈ నాలుగు జట్ల ఫలితాలు ఇలా వచ్చాయనుకుందాం. పర్లాకిమిడి 2–0తో గుణుపురంపై గెలిచింది. గుణుపురం 1–0తో కాశీనగర్‌ను, కాశీనగర్ 2–1తో పర్లాకిమిడిని ఓడించాయి. రాయగడ మూడు మ్యాచ్‌లూ ఓడింది: పర్లాకిమిడి చేతిలో 2–0, కాశీనగర్ చేతిలో 3–1, గుణుపురం చేతిలో 9–0. మూడు జట్లకూ ఆరేసి పాయింట్లు. గోల్ తేడా చూస్తే గుణుపురం +8, పర్లాకిమిడి +3, కాశీనగర్ +2, రాయగడ −13. గుణుపురం, పర్లాకిమిడి పైకెళ్తాయి.

ఈ వరుసను షీట్ తనంతట తానే వేయడానికి రెండు దారులున్నాయి. `Table` అనే షీట్‌లో A గడిలో జట్టు పేరు, F లో కొట్టిన గోల్స్, G లో తిన్న గోల్స్, H లో తేడా, I లో పాయింట్లు ఉన్నాయని, పర్లాకిమిడి 2వ వరుసలో మొదలై పైన చెప్పిన క్రమంలోనే జట్లు కూర్చున్నాయని అనుకోండి.

మొదటి దారి తూకపు అంకె. పాయింట్లు, తేడా, గోల్స్ మూడింటినీ కలిపి ఒకే పెద్ద అంకె చేసి, దాని మీద `RANK` పెట్టడం.

```
=I2*10000+H2*100+F2
```

గుణుపురానికి 60810, పర్లాకిమిడికి 60305, కాశీనగర్‌కి 60205, రాయగడకి −1299 వస్తాయి. చూడగానే అర్థమవుతుంది. ఫోన్‌లో కూడా రెండు నిమిషాల్లో కట్టేయొచ్చు, ఎవరైనా అడిగితే కాగితం మీద కూడి చూపించొచ్చు. చాలామంది పీఈటీలు ఈ దారే పడతారు, అందులో తప్పేమీ లేదు. తప్పంతా గుణించే అంకెను పిసినారితనంగా ఎంచుకోవడంలో ఉంటుంది. పాయింట్లను 10తో గుణించి తేడా కలిపితే చాలనుకుంటారు. 7 పాయింట్లు, తేడా +2 ఉన్న జట్టుకు 72 వస్తుంది. 6 పాయింట్లు, తేడా +13 ఉన్న జట్టుకు 73. పాయింట్లలో వెనక ఉన్న జట్టు ర్యాంకులో ముందుకొచ్చేసింది! పెద్దల టోర్నీల్లో మూడు మ్యాచ్‌ల గ్రూపుల్లో ఇలా జరగడం అరుదు కానీ, 9–0లు మామూలైన స్కూలు టోర్నీలో జరుగుతుంది. కొట్టిన గోల్స్ 100 చేరకుండా, జట్ల మధ్య తేడాల దూరం 100 చేరకుండా ఉన్నంతవరకు పైన రాసిన 10000, 100 సరిపోతాయి. మూడు మ్యాచ్‌ల గ్రూపులో అంత దూరం పోదు.

రెండో దారి మెట్టుమెట్టుగా పోల్చడం. ‘నాకంటే ఎక్కువ పాయింట్లున్నవి ఎన్ని? సమాన పాయింట్లుండి తేడా ఎక్కువున్నవి ఎన్ని? అవీ సమానమై గోల్స్ ఎక్కువున్నవి ఎన్ని?’ అని లెక్కపెట్టి, వచ్చిన మొత్తానికి ఒకటి కలపడమే.

```
=1+COUNTIFS(I$2:I$5,">"&I2)
 +COUNTIFS(I$2:I$5,I2,H$2:H$5,">"&H2)
 +COUNTIFS(I$2:I$5,I2,H$2:H$5,H2,F$2:F$5,">"&F2)
```

రాయడానికి పొడుగే. ఒకసారి సరిగ్గా రాస్తే మాత్రం స్కోర్లు ఎంత పెద్దవైనా చెడదు, ఎందుకంటే ఇక్కడ ఒక మెట్టు పక్క మెట్టులోకి పొంగిపోదు. నియమాల కాగితంలో ఉన్న వరుసే ఫార్ములాలోనూ ఉంటుంది. మూడు వరుసలు, మూడు నియమాలు. వచ్చే ఏడు కమిటీ ఒక నియమం మార్చితే ఆ వరుసనూ, దాని కింది వరుసల్లో ఆ నియమం ఉన్న చోటునూ మార్చుకుంటే చాలు. తూకపు అంకెలో అయితే గుణకాలన్నీ మళ్లీ ఆలోచించుకోవాలి.

ఇంతవరకు రెండూ ఒకే జవాబిచ్చాయి. అసలు తేడా మూడు మెట్లూ సమానమైన రోజున బయటపడుతుంది.

రాయగడ కుర్రాళ్లు కాశీనగర్ మీద ఆ ఒక్క గోలు కొట్టలేదనుకోండి. 3–1 కాస్తా 3–0 అవుతుంది. కాశీనగర్‌కి కొట్టినవి 5, తిన్నవి 2, తేడా +3. పర్లాకిమిడికీ అచ్చంగా అంతే. ఇద్దరికీ 6 పాయింట్లు, +3, 5 గోల్స్. సెమీస్‌లో మిగిలింది ఒక్క చోటు.

ఇప్పుడు `RANK` గానీ `COUNTIFS` గానీ ఇద్దరికీ 2 ఇస్తుంది, మూడో ర్యాంకు ఎవరికీ ఉండదు. పాత ఎక్సెల్‌లో ర్యాంకు ప్రకారం పేర్లు పేర్చడానికి `INDEX`, `MATCH` వాడతారు. 3 దొరక్క అక్కడ `#N/A` పడుతుంది. నోటీసు బోర్డు మీద అంటించే కాగితంలో అది బావుండదని చాలామంది తూకపు అంకె చివర చిన్న తోక తగిలిస్తారు:

```
=I2*10000+H2*100+F2-ROW()/1000
```

`#N/A` పోతుంది. పట్టిక ముచ్చటగా కనిపిస్తుంది. పర్లాకిమిడి రెండో స్థానంలో, కాశీనగర్ మూడో స్థానంలో. ఎందుకు? పర్లాకిమిడి పేరు షీట్‌లో పై వరుసలో ఉంది కాబట్టి, అంతే. మైదానంలో ఆ రెండూ తలపడినప్పుడు 2–1తో గెలిచింది కాశీనగర్. గెలిచిన జట్టును ఇంటికి పంపిన నిర్ణయం కమిటీది కాదు, ఎవరూ చదవని ఒక తోకది. ర్యాంకుల షీట్‌లో దీన్ని మించిన తప్పు లేదు, పైగా ఇది తప్పులా కనిపించదు.

కొత్త ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ `SORT` ఉందిగా, ఈ బాధంతా ఎందుకు అనొచ్చు. `SORT` కూడా పూర్తిగా సమానమైన రెండు జట్లను ముందున్న వరుసలోనే వదిలేస్తుంది. తోక తగిలించకపోయినా అదే అన్యాయం. అందుకని `SORT` పేర్చడానికే పనికొస్తుంది, తేల్చడానికి కాదు. దానికి ర్యాంకు గడినే ఇచ్చి, ఆ ర్యాంకు కూడా కాగితం మీద కనబడేలా ఉంచాలి. అప్పుడు 1, 2, 2, 4 అని పడుతుంది. రెండు 2లు పక్కపక్కన కనిపించడమే ‘ఇక్కడ మనుషులు తేల్చాలి’ అనే గుర్తు.

తేల్చాక ఆ నిర్ణయాన్ని షీట్‌కి చెప్పడానికి J అనే గడి ఒకటి వదిలిపెట్టండి. అందరికీ 0. కమిటీ కాశీనగర్‌ని ముందుకు పంపితే దానికి 1. ర్యాంకు ఫార్ములాకి నాలుగో మెట్టు చేరుతుంది:

```
 +COUNTIFS(I$2:I$5,I2,H$2:H$5,H2,F$2:F$5,F2,J$2:J$5,">"&J2)
```

J గడిని ఖాళీగా వదలకండి, 0 అని టైపు చేయాలి. ఖాళీ ఉంటే పోల్చడానికి అంకె లేక ఆ మెట్టు పనిచేయదు. ఈ గడి ఉండడం వల్ల ఇంకో మేలుంది. నిర్ణయం చేత్తో తీసుకున్నారని పట్టికలోనే కనిపిస్తుంది, ముఖాముఖి ఫలితంతోనా, చీటీ తీసా అన్నది పక్కన రాసుకోవచ్చు. 2018 ప్రపంచ కప్‌లో జపాన్, సెనెగల్‌లకు పాయింట్లు, తేడా, గోల్స్ అన్నీ సమానమై, వాటి మధ్య మ్యాచ్ కూడా 2–2 అయి, చివరికి పసుపు కార్డులు తక్కువున్న జపాన్ ముందుకెళ్లింది. అంత పెద్ద టోర్నీలోనే జరిగింది, మన స్కూలు గ్రూపులో జరగదని ధీమాగా ఉండలేం.

కాబట్టి మెట్టుమెట్టు పోలికకే ఓటు. ఒకరోజు టోర్నీ, చేతిలో ఫోన్ మాత్రమే ఉంటే తూకపు అంకె చాలు, తోక మాత్రం వద్దు.

ఇక నియమం సంగతి. ముఖాముఖి ఫలితాన్ని తేడా కంటే ముందు పెడితే బాగుండదా? యూరో కప్‌లో అలాగే చూస్తారు. మన మొదటి ఉదాహరణలో మూడు జట్లు ఒకదాన్నొకటి ఓడించుకున్నాయి. రాయగడ మ్యాచ్‌లు తీసేసి ఆ మూడింటి మధ్య గోల్స్ మాత్రమే చూస్తే పర్లాకిమిడి +1, కాశీనగర్ 0, గుణుపురం −1. తేడా నియమంలో అన్నింటికన్నా పైనున్న గుణుపురం ఇక్కడ మూడోది, ఇంటికెళ్తుంది! బలహీన జట్టు మీద కొట్టిన తొమ్మిది గోల్స్ విలువ సున్నా అయింది. ఇదే న్యాయమని నాకనిపిస్తుంది. పదోది కూడా కొట్టమని గట్టు మీంచి అరిచే అవసరం పోతుంది. కానీ సమానమైన జట్ల మధ్య చిన్న పట్టికను షీట్ తనంతట తాను కట్టాలంటే ఫార్ములా బాగా చిక్కుపడుతుంది, తప్పు వస్తే పట్టుకోవడం కష్టం. నాలుగు జట్ల గ్రూపులో ఆ చిన్న పట్టికను చేత్తో వేసి, ఫలితాన్ని J లో పెట్టుకోవడమే సుఖం. అప్పుడు J మెట్టును H కంటే ముందుకు జరపాలి: దానిలోంచి H, F షరతులు తీసేసి, H, F మెట్లు రెండింటిలోనూ `J$2:J$5,J2` చేర్చాలి. ఏ నియమమైనా మొదటి మ్యాచ్‌కి ముందే ఒడియాలోనూ తెలుగులోనూ రాసి అంటించాలి, తర్వాత కాదు.

ర్యాంకు ఫార్ములా ఎంత బాగున్నా కింద లెక్క చెడితే దండగ. రెండు చోట్ల ఎక్కువగా చెడుతుంది. మొదటిది, ఆడని మ్యాచ్. `Matches` షీట్‌లో స్కోరు గడులు రెండూ ఖాళీగా ఉంటే ఖాళీ, ఖాళీ సమానమని డ్రాగా లెక్కవుతుంది. బంతి కదలకముందే అందరికీ మూడేసి పాయింట్లు కనిపిస్తే ఇదే కారణం. డ్రాలు లెక్కపెట్టే ఫార్ములాలో రెండు గడులూ `<>""` అని అడగాలి. గెలుపుకీ అంతే, లేకపోతే ఒక స్కోరే ఎక్కించిన మ్యాచ్‌లో ఆ జట్టు గెలిచినట్టు చూపిస్తుంది.

రెండోది మన ప్రాంతపు జబ్బు: పేర్లు. ఒకరు పర్లాకిమిడి అని ఎక్కిస్తారు, ఇంకొకరు పర్లాఖెముండి అని, మరొకరు ఇంగ్లీషులో. మనకి ఒకే ఊరు, షీట్‌కి మూడు. ఆ మ్యాచ్ ఆ జట్టు ఖాతాలో పడదు, ఎర్రగీత కూడా రాదు. పేరు టైపు చేయనివ్వకుండా `Data validation`లో జాబితా పెట్టి ఎంచుకునేలా చేయాలి. పరీక్షకి పట్టిక కింద రెండు మొత్తాలు వేసుకోండి. H గడుల మొత్తం 0 రావాలి. ఆడిన మ్యాచ్‌ల మొత్తం, ఫలితం వచ్చిన మ్యాచ్‌లకు సరిగ్గా రెట్టింపు రావాలి. మొదటిదొక్కటే చాలదు, 1–1 మ్యాచ్‌లో పేరు తప్పినా తేడాల మొత్తం సున్నాగానే ఉంటుంది, ఆడిన మ్యాచ్‌ల లెక్క మాత్రం 12 బదులు 11 చూపిస్తుంది.