జర్మనీ కొమ్మల కత్తెర, కొన్నవాళ్ల మాటలు: చాలాకాలం వాడాక నా సమీక్ష

మా బత్తాయి తోటలో నీటి కొమ్మలు తీయడానికి వాడే కత్తెర జర్మనీ నుంచి తెప్పించుకున్నది. అక్కడ చదువుకుంటున్న మేనల్లుడు ఒక ఆన్‌లైన్ దుకాణంలో రెండు రకాలు చూసి, కొన్నవాళ్ల అభిప్రాయాలను స్క్రీన్‌షాట్లు తీసి, "మామా, గిండ్ల ఏది తేవాలె?" అని పంపిండు. ఫోన్‌లో ఫోటో అనువాదం పెట్టి తెలుగులో చదివాను.

మొదటిదానికి 4,6 స్టార్లు, రెండోదానికి 4,3. అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. నేను రెండోది ఎంచుకున్నాను. మొదటిదాని ఐదు స్టార్లు చాలావరకు "త్వరగా వచ్చింది, ప్యాకింగ్ బాగుంది" అన్నవే. కత్తెర కొమ్మ మీద పడకముందు రాసినవి అవి. రెండోదాని కింద చలికాలమంతా వాడినవాళ్లు రాశారు.

వెటకారం దగ్గరే అనువాదం తడబడింది. మొదటిదాని కింద ఒకాయన మాట తెలుగులో "అద్భుతం! ఒక మధ్యాహ్నమంతా పనిచేసింది. పెట్టె చాలా అందంగా ఉంది" అని వచ్చింది. అసలు స్క్రీన్‌షాట్‌లో ఆ మాటల పైన ఒక్కటే స్టార్. స్టార్లు బొమ్మలు కాబట్టి అనువాదం వాటిని పట్టించుకోదు. మన దగ్గర "మస్తు చేసినవ్ పో" అన్నట్టే అది. పొగడ్త పెద్దదై, స్టార్లు తక్కువై, మెచ్చుకున్నది సరుకును కాక పెట్టెనైతే అది తిట్టే. అయితే స్క్రీన్‌షాట్ మధ్యలో తెగితే ఒకరి స్టార్లు ఇంకొకరి మాటలకు అంటుకుంటాయి. అందుకే మేనల్లుడితో కొన్ని మళ్లీ తీయించాను.

దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. రెండోదాని కింద "చేయాల్సిన పని చేస్తుంది", "తిట్టడానికేం లేదు" అని చప్పగా కనిపించాయి. జర్మన్లు అలా అన్నారంటే మెచ్చుకున్నట్టే. ఒకామె "మార్కు 1" అని రాసి ఐదు స్టార్లు ఇచ్చింది. వాళ్ల బడుల్లో 1 అన్నింటికంటే మంచి మార్కు, 6 అధమం.

రెండోదానికీ ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లున్నారు. ఎండిన లావు కొమ్మ నరికితే బ్లేడు వంగిందని వాళ్ల ఫిర్యాదు. ఇందులో రెండు అంచులు పక్కపక్కన రాసుకుంటూ కోస్తాయి, అది పచ్చి కొమ్మకు తగిన రకం. గట్టి ఎండు కట్టె అంచులను దూరం తోస్తుంది, సందు పడ్డాక పచ్చి బెరడు కూడా చీలుతుంది. తప్పు కత్తెరది కాదు గానీ ఆ మాట నాకు పనికొచ్చింది: లావు ఎండు కొమ్మలకు రంపమే వాడుతున్నా.

వేలంత పచ్చి కొమ్మ ఇప్పటికీ నున్నగా తెగుతుంది. స్ప్రింగు తుప్పు పడుతుందని మూడు స్టార్లాయన రాసింది మాత్రం నిజమైంది. వానాకాలం తర్వాత మార్చాల్సి వచ్చింది, ఆ కొలత స్ప్రింగు నల్లగొండలో దొరకలేదు, మేనల్లుడే పంపిండు. అందుకే నా లెక్కలో దీనికి నాలుగు స్టార్లు.