సీ4 బొమ్మలు చాలాకాలం వాడాక: నా ఓటు రెండో లెవెల్‌కే

సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌ని బొమ్మలు గీసి చూపించే సీ4 మోడల్‌లో నాలుగు లెవెల్స్ ఉంటాయనీ, దాన్ని సైమన్ బ్రౌన్ తయారుచేశాడనీ ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది, అందుకే ఆ పరిచయం వదిలేస్తున్నా. టీములోకి కొత్తగా వచ్చినవాళ్లకి మా సిస్టమ్ చెప్పడానికి చాలాకాలంగా ఈ బొమ్మలే వాడుతున్నాను. వాడగా వాడగా నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే: రెండోదైన కంటైనర్ లెవెల్ బొమ్మ సరిగ్గా ఉంటే కొత్తవాళ్లు సగం పని నేర్చేసుకున్నట్టే. అది సరిగ్గా లేకపోతే మిగతా మూడూ ఎంత ముచ్చటగా గీసినా ఉపయోగం లేదు.

మాది భీమవరంలో చిన్న టీము, రొయ్యల కొనుగోలుకి సాఫ్ట్‌వేర్ చేస్తాం. మొదటి లెవెల్ చెప్పడానికి పది నిమిషాలు చాలు. మధ్యలో మా సిస్టమ్ ఒకే ఒక్క పెట్టె, చుట్టూ చెరువు గట్టు మీద కాటా దగ్గర నిలబడే మనిషి, రైతు, ఆఫీసులో రేటు వేసేవాళ్లు, బ్యాంకు, ఎస్సెమ్మెస్ పంపే కంపెనీ, అంతే. ఈ బొమ్మని మా అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకి చూపించినా అర్థమవుతుంది, అది దాని గొప్పతనం. కాకపోతే మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, ఇంట్లోనో పక్కింట్లోనో చెరువులున్నవాళ్లే, రొయ్యల వ్యాపారం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి మొదటి లెవెల్ అంత తొందరగా ఎక్కడంలో బొమ్మ పుణ్యం ఎంతో, ఊరి పుణ్యం ఎంతో నేను తేల్చలేను.

అసలు కథ రెండో లెవెల్‌లో ఉంది. ఇక్కడ ఆ ఒక్క పెట్టె తెరిచి, లోపల విడివిడిగా నడిచేవన్నీ గీస్తాం: కాటా దగ్గర వాడే మొబైల్ యాప్, సర్వర్, డేటాబేస్, డబ్బు లెక్క వేసే సర్వీసు, రైతుకి మెసేజ్ పంపే సర్వీసు, రాత్రిపూట రిపోర్టు తీసే ప్రోగ్రాము. వీటి మధ్య సందేశాలు మోయడానికి రాబిట్ఎంక్యూ. మా పాత బొమ్మలో ఈ రాబిట్ఎంక్యూ నట్టనడుమ ఒక పెద్ద పెట్టె. సర్వర్ నుంచి దానిలోకి ఒక బాణం, దానిమీద "సందేశాలు పంపుతుంది" అని ఉండేది. దానిలోంచి మూడు బాణాలు బయటికి, అన్నిటిమీదా "సందేశాలు తీసుకుంటుంది" అనే. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట ఒక్కటీ గీసి, ఏ కాలువ నీళ్లు ఏ పొలానికి పోతాయో గీయకుండా వదిలేసినట్టు ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

అప్పుడే కౌంటు మార్పు వచ్చింది. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. గట్టు మీద రెండు మూడు శాంపిళ్లు తూచి సగటు తీస్తారు, ఆ సగటు 42.5 వస్తే మా సిస్టమ్ దాన్ని 43 చేసేసేది, రైతుకి ఆ అర కౌంటు దగ్గరే నష్టం. అందుకని దశాంశం అలాగే ఉంచాలని నిర్ణయమైంది. కొత్తగా చేరిన ఒక అబ్బాయికి ఆ పని ఇచ్చారు. బొమ్మ చూసుకున్నాడు, డబ్బు లెక్క వేసే సర్వీసు కోడ్ తెరిచి అది 42.5 తీసుకోగలదని నిర్ధారించుకున్నాడు, టెస్ట్ చేశాడు, పెట్టేశాడు. అతని పనిలో వంక పెట్టడానికేం లేదు. కానీ మెసేజ్ పంపే సర్వీసు కూడా అదే సందేశంలోంచి కౌంటు చదువుతుంది, పూర్ణసంఖ్య తప్ప ఇంకోటి వస్తే దానికి అర్థం కాదు. టెస్ట్ సర్వర్‌లో ఆ సర్వీసు ఆపేసి ఉంచుతాం, ఊరికే రైతులకి మెసేజ్‌లు పోకుండా.

డబ్బు లెక్క సరిగ్గానే పడుతోంది, డాష్‌బోర్డు అంతా పచ్చగానే ఉంది, కాబట్టి ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియలేదు. తెలిసింది ఫోన్ల వల్ల. "ఏమండీ, సరుకు ఎత్తేసి వెళ్లిపోయారు, కౌంటు ఎంత పడిందో మెసేజ్ రాలేదేంటండీ" అని ఒకరి తర్వాత ఒకరు. సరుకు లారీ ఎక్కిపోయాక రైతు చేతిలో ఉండే ఒకే ఒక్క ఆధారం ఆ మెసేజ్, కంగారు పడరా మరి! రాబిట్ఎంక్యూ పేజీ తెరిచి చూస్తే, సర్వీసు తీసుకోలేక వదిలేసినవి చేరే డెడ్ లెటర్ క్యూలో సందేశాలు పేరుకుపోయి ఉన్నాయి. కౌంటు సరిగ్గా పూర్ణసంఖ్య వచ్చిన తూకాలకి మెసేజ్ వెళ్లింది, దశాంశం వచ్చినవన్నీ అక్కడ ఆగిపోయాయి.

సరిచేయడం పెద్ద పనేం కాదు. ఆ అబ్బాయి తర్వాత అడిగిన మాట నాకు బాగా పట్టుకుంది: "అన్నా, ఈ పెట్టెలోంచి ఎవరు ఏం తీసుకుంటారో బొమ్మలో ఎక్కడుంది?" ఎక్కడా లేదు. సైమన్ బ్రౌన్ కూడా ఇదే చెప్తాడు, రాబిట్ఎంక్యూ లాంటి బ్రోకర్‌ని ఒకే పెట్టెగా గీయకండి, ఒక్కో క్యూనీ ఒక్కో కంటైనర్‌గా గీయండి, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో అప్పుడే కనిపిస్తుంది అని. మేం ఆ పెద్ద పెట్టె తీసేసి మూడు క్యూలు గీశాం. ఈ బొమ్మల్ని కోడ్‌లా రాసుకునే స్ట్రక్చరైజర్‌లో మెసేజ్‌ల క్యూ ఇప్పుడు ఇలా ఉంటుంది:

```
smsQueue = container "weighing.sms" "తూకం పూర్తయిన సంగతి" "RabbitMQ"
server -> smsQueue "తూకం, కౌంటు పెడుతుంది"
smsQueue -> smsSender "కౌంటు చదివి రైతుకి మెసేజ్ పంపడానికి"
```

సమాచారం ఎటు వెళ్తే బాణం అటు, ప్రతి బాణం మీదా ఏం వెళ్తోందో రాయాలి, "వాడుతుంది" అని రాసి ఊరుకుంటే ఒప్పుకోం. ఈ రెండు నియమాలతోనే బొమ్మ మారిపోయింది. ఇప్పుడు కొత్తవాళ్లు వస్తే నేను ఉపన్యాసం ఇవ్వను. గట్టు మీద ఒక తూకం పడింది అనుకో, రైతు ఫోన్ మోగేదాకా వేలుతో చూపించు అంటాను. అది అయ్యాక, కౌంటు అన్న మాట మారిస్తే ఎవరెవరిని కదపాలి అని అడుగుతాను. "కౌంటు" అని రాసున్న బాణాలు వెతికి సర్వీసుల పేర్లు చెప్పేస్తున్నారు, కోడ్ తెరవకుండానే. ఈ ఒక్క విషయానికే నాకు ఈ బొమ్మంటే అంత ఇష్టం.

అలాగని బొమ్మ ఉంటే ఆ రోజు జరిగింది జరిగేది కాదని చెప్పలేను. కౌంటు దశాంశమా పూర్ణసంఖ్యా అన్నది బాణం మీద పట్టదు, పట్టించాలని చూస్తే బొమ్మ చదవలేం. దానికి వేరే టెస్ట్ పెట్టాం, సందేశం ఆకారం మారితే అది చదివే ప్రతి సర్వీసు టెస్టూ నడవాల్సిందే. ఎవరిని అడగాలో బొమ్మ చెప్తుంది, అంతవరకే. పైగా ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఈ బొమ్మలో కనిపించదు, గట్టు మీద సిగ్నల్ లేక యాప్ ఆలస్యంగా పంపితే ఏమవుతుందో చెప్పడానికి డైనమిక్ బొమ్మ విడిగా గీసుకోవాల్సి వచ్చింది.

మూడో లెవెల్, అంటే ఒక్కో సర్వీసు లోపలి కాంపొనెంట్లు, ఒకప్పుడు అన్నిటికీ గీయాలని పట్టుబట్టేవాణ్ణి. ఇప్పుడు డబ్బు లెక్క వేసే సర్వీసుకి మాత్రమే ఉంచాం, రేటు వెతికే భాగం, కోతలు లెక్కగట్టే భాగం, బ్యాంకు ఫైలు రాసే భాగం. మిగతావి కోడ్ మారినంత వేగంగా మారక పాతబడిపోయాయి, పాత బొమ్మ చూసి కొత్తవాళ్లు లేని క్లాసుల కోసం వెతుకుతుంటే తీసేశాం. నాలుగో లెవెల్ మేం గీయం, కావాలంటే ఎడిటర్ అప్పటికప్పుడు కోడ్ నుంచి తీసిస్తుంది, చూసి మూసేయడమే.

మాది ఒకే ప్రాడక్టు, సర్వీసులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, బొమ్మ ఫైలు కూడా కోడ్ ఉన్న రిపోజిటరీలోనే ఉంటుంది కాబట్టి మార్పు పంపినప్పుడే అదీ సరిచూస్తాం. మీకు యాభై క్యూలు ఉంటే ఇలా విడదీసి గీసిన బొమ్మ గీతల చిక్కుముడి అయిపోవచ్చు, అప్పుడు ఒక్కో పని చుట్టూ ఒక్కో బొమ్మగా ముక్కలు చేసుకోవాలేమో. మేమింకా అంత దూరం వెళ్లలేదు.