ఉక్రేనియన్ సంబోధన విభక్తి: ఎనిమిదేళ్లు వాడిన తర్వాత నా మాట

డాక్టరు చదువు కోసం 2016లో ఉక్రెయిన్‌లోని తెర్నొపిల్ వెళ్లాను. పాఠాలు ఇంగ్లీషులో సాగినా వార్డులో రోగులతో మాట్లాడాలంటే ఉక్రేనియన్ రాక తప్పదు. రెండో ఏడాది దాటేసరికి నాకు కాస్త పట్టు చిక్కింది. అప్పటినుంచి తోటి తెలుగు పిల్లలు ఇంటావిడకు మెసేజ్ పెట్టాలన్నా, డీన్ ఆఫీసుకు ఉత్తరం రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. 2022 మార్చిలో అందరం ఇళ్లకు వచ్చేశాక ఈ పని ఇంకా పెరిగింది. సర్టిఫికెట్ల కోసం ఉత్తరాలు, అక్కడే వదిలేసి వచ్చిన పెట్టెల కోసం మెసేజ్‌లు, 'ఎట్లున్నరు, క్షేమమేనా' అనే పలకరింపులు. వీటన్నిటిలో మొదటి పంక్తిలోనే ఎదురయ్యేది క్లీచ్నియ్ విద్మీనొక్, అంటే పిలుపు విభక్తి.

బడిలో మనం 'ఓ, ఓయి, ఓరి, ఓసి – సంబోధన ప్రథమా విభక్తి' అని వల్లె వేసినదే ఇది. కృష్ణుడు పిలిస్తే కృష్ణా అవుతాడు, అక్క అక్కా అవుతుంది, గారు గారూ అవుతుంది. ఉక్రేనియన్‌లోనూ అంతే. ఒక్సానాను పిలిస్తే ఒక్సానో, ఇవాన్‌ను పిలిస్తే ఇవానె, మరీయాను పిలిస్తే మరీయె, ఆంద్రీయ్‌ను పిలిస్తే ఆంద్రీయు. ముద్దుపేర్లలో 'యా'తో ముగిసేవి 'యు' అవుతాయి: హాల్యా – హాల్యు, ఓల్యా – ఓల్యు. కొన్నిచోట్ల లోపలి హల్లు కూడా మారుతుంది. స్నేహితుడు 'ద్రూహ్' అయితే 'స్నేహితుడా' అనడానికి 'ద్రూజె'. పక్కనే ఉన్న రష్యన్ ఈ విభక్తిని దాదాపు వదిలేసుకుంది, 'బోజె' (దేవుడా) లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప. అందుకే రష్యన్ ముందు నేర్చుకుని ఉక్రేనియన్‌కు వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. మనకు ఆ ఇబ్బంది లేదు. పిలిచేటప్పుడు పేరు సాగాలన్నది మన చెవికి పుట్టుకతో తెలుసు.

దీన్ని పట్టించుకోకుండా రాస్తే ఏమవుతుంది? అర్థం చెడదు, మర్యాద చెడుతుంది. నా మొదటి ఉత్తరాల్లో ఒకదాన్ని ఒక టీచర్‌కు 'షనోవ్నా ఒక్సానా పెట్రీవ్నా' అని మొదలుపెట్టాను (పేరు మార్చి చెబుతున్నాను). ఆమె జవాబులో ఏమీ అనలేదు. తరువాత క్లాసు అయ్యాక నన్ను పిలిచి, తన పేరును పిలుపు రూపంలో ఒక్కో అక్షరం పలుకుతూ బోర్డు మీద రాసి చూపించింది: 'షనోవ్నా ఒక్సానో పెట్రీవ్నో'. సొంతపేరు, తండ్రిపేరు రెండూ మారాలి. 'గౌరవనీయులైన' అనే విశేషణం మాత్రం మారదు, ఎందుకంటే విశేషణాలకు వేరే పిలుపు రూపం లేదు. మగవారైతే 'షనోవ్నియ్ ఇవానె పెట్రోవిచు'. డీన్ గారికైతే 'షనోవ్నియ్ పానె దెకానె'. ఇందులో మగవారికి వాడే గౌరవపదం పాన్, డీన్ అనే అర్థమిచ్చే దెకాన్ రెండూ పిలుపులోకి వచ్చాయి. ఆడవారికి వాడే 'పానీ' మాత్రం కదలదు, దాని పక్కనున్న పేరే మారుతుంది: 'పానీ ఒక్సానో'. ఆ రోజు తర్వాత ఎవరికి రాసినా మొదటి పంక్తిని రెండుసార్లు చూసుకోకుండా పంపలేదు.

చాట్‌లో మాత్రం అందరూ ఇలా రాయరు. 'ప్రివీత్, ఒక్సానా' అని మామూలు రూపమే పెట్టేవాళ్లు చాలామంది కనిపిస్తారు. రష్యన్ వాడకం ప్రభావం ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. సోవియట్ కాలపు వ్యాకరణాలు దీన్ని విభక్తిగా లెక్కించకుండా 'పిలుపు రూపం' అని పక్కన పెట్టాయి. 1990 నాటి వర్ణక్రమ నియమావళిలో ఇది మళ్లీ విభక్తి హోదా పొంది ఏడోదిగా నిలిచింది. కాబట్టి పెద్దవాళ్లు మామూలు రూపం రాస్తే అది అలవాటు. వాళ్లలా రాశారని మనం అలాగే జవాబు పెట్టక్కర్లేదు. నేను ఎప్పుడూ పిలుపు రూపమే పెట్టాను, ఎవరూ ఎన్నడూ అదేమిటని అడగలేదు.

ఇప్పుడు నాకు దీనిలో అన్నిటికంటే నచ్చిన సంగతి. ఎవరో తెలియని వ్యక్తికి వచ్చిన ఉత్తరాన్ని తెలుగు చేస్తున్నప్పుడు, అవతలివారు ఆడవారా మగవారా అన్నది మొదటి మాటే చెప్పేస్తుంది. 'ఒలెక్సాండ్రె' అంటే ఒలెక్సాండ్ర్ అనే మగవాడు, 'ఒలెక్సాండ్రో' అంటే ఒలెక్సాండ్రా అనే ఆడమనిషి. చివరి అచ్చు ఒక్కటే తేడా. తెలుగులో 'వచ్చాడా, వచ్చిందా' అని క్రియను మార్చాల్సిన మనకు ఇది పెద్ద సాయం. అయితే 'ఓ' కనబడగానే ఆడపేరు అనుకోకూడదు. మికోలా మగవాడి పేరు, పిలిస్తే మికోలో. సాషా అనే ముద్దుపేరు ఇద్దరికీ ఉంటుంది, సాషో అని పిలిస్తే ఎవరో తేలదు. అప్పుడు ముందు వచ్చిన విశేషణం చూడాలి: 'ప్రియమైన' అనడానికి 'దొరొహీయ్' అని ఉంటే మగ, 'దొరొహా' అని ఉంటే ఆడ.

తెలుగులోకి తెచ్చేటప్పుడు కొత్తవాళ్లు చేసే పొరపాటు, పిలుపు రూపాన్నే పేరనుకోవడం. 'ఒలేనో గారూ' అని రాసిన అనువాదాలు నేనే చాలా దిద్దాను. ఆవిడ పేరు ఒలేనా. తెలుగులో ఆమెను పిలిచే పని మన 'గారూ'లోని దీర్ఘం చేస్తుంది కాబట్టి ఉక్రేనియన్ 'ఓ'ను విప్పేసి అసలు పేరుకు రావాలి: 'ఒలేనా గారూ'. పిలుపును పిలుపుగానే తేవాలి, ప్రత్యయాన్ని కాదు. ఇది పేర్లకంటే వరుసల్లో ఇంకా బాగా తెలుస్తుంది. మా ఇంటావిడ నాకు రాసే ప్రతి మెసేజ్‌లో 'దోన్యు' ఉండేది. దోన్యా అంటే కూతురు, ముద్దుగా. దాన్ని 'కూతురా' అని రాస్తే ఎవరూ అలా పిలవరు. మాది హనుమకొండ. మా అమ్మమ్మ ఎవరినైనా పిలిచే 'బిడ్డా' తప్ప ఇంకేదీ అక్కడ కూర్చోదు. మా క్లాసు అబ్బాయిలను ఆవిడ 'సిన్కు' అనేది, దానికీ 'బిడ్డా'నే. గుంటూరు వైపు స్నేహితుడు ఒకడు 'నాయనా' అని మార్చుకునేవాడు, అదీ సరిగ్గానే ఉండేది. ఇక 'ద్రూజె'ను 'మిత్రమా' అని తేవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇద్దరు కుర్రాళ్ల చాట్‌లో అది 'రా' అయి వాక్యం చివర చేరాలి: 'ఎక్కడున్నావ్ రా'.

ఇంతవరకు మెచ్చుకోలు. ఈ విభక్తి దెబ్బ కొట్టే చోటు ఒకటుంది, అది నాకు రెండు రోజులు ఖర్చు పెట్టించింది.

2022 వేసవిలో మా స్నేహితురాలి పుస్తకాల పెట్టెలు ఇంటావిడ దగ్గర ఉండిపోయాయి. ఆవిడ మేనల్లుడు వాటిని తీసుకెళ్లి పోస్టు చేస్తానన్నాడు. అతని పేరు ఆంద్రీయ్ అనుకుందాం. ఇంటావిడ, ఆంద్రీయ్, స్నేహితురాలు, నేను కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఒక రాత్రి ఆవిడ ఇలా పంపింది: 'స్కజీ ఆంద్రీయు కోలీ మోజ్నా జబ్రాతి కొరోబ్కి'. ఎక్కడా కామా లేదు. నేను దాన్ని 'చెప్పు ఆంద్రీయ్, పెట్టెలు ఎప్పుడు తీసుకెళ్లొచ్చు' అని తెలుగు చేసి స్నేహితురాలికి ఇచ్చాను. ప్రశ్న ఆంద్రీయ్‌కి కదా, అతనే చెబుతాడని మేమిద్దరం ఊరుకున్నాం. అతనూ ఊరుకున్నాడు. ఎందుకంటే ఆవిడ అన్నది 'పెట్టెలు ఎప్పుడు తీసుకెళ్లొచ్చో ఆంద్రీయ్‌కి చెప్పు' అని. అడిగింది స్నేహితురాలిని.

చిక్కంతా 'ఆంద్రీయు' అన్న రూపంలో ఉంది. ఆంద్రీయ్, సెర్హీయ్, ఈహొర్ లాంటి మగపేర్లలో పిలుపు రూపం, 'కి' అర్థమిచ్చే చతుర్థి రూపం అచ్చంగా ఒకటే. వాటిని విడదీసేది కామా ఒక్కటే, చాట్‌లో కామా పెట్టేవాళ్లు తక్కువ. ఓల్యా, హాల్యా లాంటి ఆడపేర్లలో పిలుపు 'ని' అర్థమిచ్చే ద్వితీయతో కలిసిపోతుంది. 'జపితాయ్ ఓల్యు' అంటే ఓల్యాని అడుగు. మధ్యలో కామా ఉంటే అడుగు, ఓల్యా. ఒక్సానా, ఇవాన్ లాంటి పేర్లలో ఈ గొడవ లేదు. ఒక్సానో పిలుపు, ఒక్సాను ద్వితీయ, రెండూ చూడగానే వేరు.

ఆ తర్వాత నేను పాత మెసేజ్‌లన్నీ వెనక్కి వెళ్లి చదివాను. మా ఇంటావిడ ఎవరినైనా పిలిస్తే పేరు ఎప్పుడూ మొట్టమొదట పెట్టేది: 'దోన్యు, ...', 'ఆంద్రీయు, ...'. క్రియ తర్వాత పేరు వచ్చిన చోటల్లా అది 'కి' అర్థమే. ఒక్కో మనిషికి ఒక్కో అలవాటు, దాన్ని పట్టుకుంటే సగం అనుమానాలు తీరుతాయి. తీరని చోట ఊహించకుండా అడగడమే దారి. నేను రాసేటప్పుడైతే చతుర్థికి ఇంకో రూపం వాడతాను: 'ఆంద్రీయెవి'. అది పిలుపుతో ఎన్నటికీ కలవదు, కామా ఉన్నా లేకున్నా 'ఆంద్రీయ్‌కి' అనే అర్థమే. పిలవాలనుకుంటే పేరు ముందు పెట్టి కామా తప్పనిసరిగా కొడతాను.

ఫోన్‌లో నంబరు సేవ్ చేసేటప్పుడు అసలు పేరు, పక్కన గీత పెట్టి పిలుపు రూపం, రెండూ రాసుకోవడం అప్పటినుంచే అలవాటైంది. పిలుపు నుంచి అసలు పేరుకు వెళ్లడం అన్నిసార్లూ తేలిక కాదు. 'పేట్రె' అన్నది చూసి పేట్ర్ అనుకుంటాం, అసలు పేరు పెట్రో. ఒలేహ్ అనే పేరుకు ఒలేహు, ఒలేజె రెండూ ఒప్పే. 'ఒలేజె' చూసి ఒలేజ్ అనే పేరుకోసం వెతికిన రోజులు నాకున్నాయి.

మన పేర్లకూ ఇదే జరుగుతుంది, దాన్ని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పడం మంచిది. రవి, లక్ష్మి లాంటి ఇకారాంత పేర్లు కదలవు. కిరణ్ మాత్రం 'కిరానె' అవుతాడు, కవిత 'కవీతో' అవుతుంది, లలిత 'లలీతో' అవుతుంది. 2022లో మా జూనియర్ ఒకడి ఫోన్‌కు వాళ్ల ఇంటావిడ పంపిన మెసేజ్‌ను వాళ్లమ్మ చూసి, పేరు కూడా సరిగా రాయడం రాదేమో ఆమెకు అన్నారట. 'కిరానె, నువ్వు ఇల్లు చేరావా' అని ఉంది అందులో. ఆమె పేరు తప్పు రాయలేదమ్మా, మీరు గుమ్మంలోంచి 'కిరణూ' అని కేకేస్తారు చూడండి, అదే రాసింది అని చెప్పాను. ఆ సాయంత్రం వాళ్లమ్మ నా చేత జవాబు రాయించారు. మొదటి పంక్తిలో ఆ ఇంటావిడ పేరును పిలుపు రూపంలోనే పెట్టమని మరీ మరీ చెప్పారు.